కొత్త ఇంట్లో పెద్ద కుక్క: మొదటి మూడు వారాలు

షెల్టర్ నుంచి దత్తత వచ్చిన పెద్ద కుక్క మొదటి నాలుగైదు రోజులు ఇంట్లో ఉందా లేదా అన్నట్టు ఉంటుంది. ఓ మూల ముడుచుకుని పడుకుంటుంది. మొరగదు, దేన్నీ కొరకదు, ఎవరు నిమిరినా కదలకుండా ఊరుకుంటుంది. ఇంట్లోవాళ్లు "ఎంత బుద్ధిమంతురాలో" అని మురిసిపోతారు. రెండో వారంలో అదే కుక్క తినేటప్పుడు దగ్గరికొచ్చిన పిల్లవాడి మీద గుర్రుమంటుంది, లిఫ్ట్ తలుపు తెరుచుకోగానే ఎదురుపడిన పక్కింటాయన్ని చూసి మొరుగుతుంది, ఒంటరిగా వదిలితే తలుపు గీరుతుంది. "మొదట్లో ఇలా లేదే, మనమే చెడగొట్టామా?" అన్న అనుమానం మొదలవుతుంది. నిజానికి మొదటి వారంలో కనిపించిన ఆ నెమ్మది భయంతో బిగుసుకుపోయిన నెమ్మది. రెండో వారానికి కాస్త ధైర్యం వచ్చి, తనకు నచ్చనిదాన్ని నచ్చలేదని చెప్పగలుగుతోంది. ఈ రెంటినీ తారుమారుగా అర్థం చేసుకోవడం వల్ల బెడిసికొట్టే దత్తతలు చాలా ఉంటాయి. బిగుసుకుపోయిన రోజుల్లో కుక్కను ఇంటిల్లిపాదీ ముద్దు చేస్తారు, నోరు విప్పిన రోజుల్లో కోప్పడతారు. జరగవలసింది దీనికి సరిగ్గా వ్యతిరేకం.

కుక్కల సంరక్షణలో ఉన్నవాళ్లు "మూడు రోజులు, మూడు వారాలు, మూడు నెలలు" అని ఒక లెక్క చెబుతారు. మూడు రోజులు బెదురు తగ్గడానికి, మూడు వారాలు ఇంటి పద్ధతి తెలియడానికి, మూడు నెలలు ఈ ఇల్లు తనదే అన్న నమ్మకం కుదరడానికి. ఇది అనుభవం మీద వేసుకున్న అంచనా మాత్రమే, ప్రతి కుక్కా ఈ తేదీల ప్రకారం నడవదు. అయితే మొదటి మూడు రోజుల సంగతికి శరీరంలోనే ఆధారం ఉంది. భయం, ఒత్తిడి కలిగినప్పుడు రక్తంలో కార్టిసాల్ అనే హార్మోన్ పెరుగుతుంది. కొత్తగా షెల్టర్‌లో చేరిన కుక్కల్లో ఇది మొదటి మూడు రోజులు, ఇళ్లలో ఉండే కుక్కలతో పోలిస్తే, బాగా ఎక్కువగా ఉంటుందని 1990లలో అమెరికాలో జరిగిన పరిశోధన చూపింది. షెల్టర్ నుంచి ఇంటికి రావడం కూడా కుక్కకు అలాంటి మార్పే. అది మంచికేనని దానికి తెలియదు.

ఒత్తిడి ఒకదానిమీద ఒకటి పేరుకుంటుందన్నది ఇక్కడ గుర్తుంచుకోవలసిన సంగతి. పొద్దున స్నానం, మధ్యాహ్నం చూడటానికి వచ్చిన చుట్టాలు, సాయంత్రం మార్కెట్ వీధిలో నడక. ఒక్కొక్కటీ చిన్నదే, కుక్క దేనికీ ఏమీ అనలేదు. రాత్రి ఎవరో దుప్పటి సర్దబోతే చేతిని కరిచింది. ఆ కరవడానికి కారణం దుప్పటి కాదు, పొద్దున్నుంచీ జరిగినవన్నీ కలిపి. మొదటి వారంలో రోజుకు ఒక్క కొత్త విషయం చాలనేది ఇందుకే.

ఈ విషయాలను ఒక ఉదాహరణతో చూస్తే సులువుగా ఉంటుంది. నాలుగేళ్ల ఆడ ఊరకుక్క, బరువు 18 కిలోలు. బండి గుద్దితే షెల్టర్‌లో చేరింది, కాలు నయమైంది, ఏడాదిగా అక్కడే ఉంది. హైదరాబాద్‌లో మూడో అంతస్తు ఫ్లాట్‌లో ఉండే కుటుంబం దత్తత తీసుకుంది. భార్యాభర్తలిద్దరూ ఉద్యోగస్తులు, తొమ్మిదేళ్ల బాబు, నాయనమ్మ ఉన్నారు. కుక్కకు మల్లి అని పేరు పెట్టుకున్నారనుకుందాం. వీధిలో, షెల్టర్‌లో బతికిన మల్లికి నున్నటి టైల్స్ తెలియవు, లిఫ్ట్ తెలియదు, ప్రెషర్ కుక్కర్ కూత ఇంత దగ్గరగా ఎప్పుడూ వినలేదు. వెళ్లిపోదామంటే దారి లేని చోట మనుషులతో కలిసి ఉండటం కూడా దానికి కొత్తే.

తెచ్చే రోజు

మొదటి ప్రమాదం ఇల్లు చేరకముందే పొంచి ఉంటుంది. కొత్తగా దత్తత వచ్చిన కుక్కలు పారిపోయే అవకాశం మొదటి రోజుల్లో ఎక్కువ. అలా పారిపోయిన కుక్క పిలిస్తే రాదు, ఎందుకంటే దానికి పేరూ తెలియదు, ఇల్లూ తెలియదు. ఊరకుక్కల్లో చాలావాటికి మెడ, తల ఇంచుమించు ఒకే లావు. బెదిరి వెనక్కి గుంజుకుంటే మామూలు బెల్టు చెవుల మీదుగా జారిపోతుంది. అందుకని మెడకు ఒక బెల్టు, ఛాతీకి ఒక హార్నెస్ వేసి, రెంటికీ విడివిడిగా తాళ్లు కట్టి, రెండూ చేతిలో పట్టుకోవాలి. బెల్టు కింద రెండు వేళ్లు దూరాలి, మూడో వేలు దూరితే అది వదులు. గొలుసు కంటే ఐదారు అడుగుల నవారు తాడు మేలు. గొలుసు చప్పుడుకే బెదిరే కుక్కలు ఉంటాయి. పేరు, ఫోన్ నంబర్ ఉన్న బిళ్లను షెల్టర్‌లోనే బెల్టుకు తగిలించేయాలి.

షెల్టర్ వాళ్లను అక్కడే అడిగి రాసుకోవలసినవి కొన్ని ఉన్నాయి. ఏం తింటోంది, ఎన్ని గంటలకు తింటోంది, టీకాల కార్డులో చివరి తేదీలు ఏవి, పిడుదుల మందు చివరిసారి ఎప్పుడు వేశారు, మగవాళ్లకో పిల్లలకో ఇతర కుక్కలకో భయపడుతుందా. చెవి కొసన చిన్న గంటు ఉంటే సంతాన నిరోధక ఆపరేషన్ అయిపోయిందని అర్థం.

ఇంటికి రాగానే పైకి తీసుకుపోకుండా ముందు కింద మట్టి ఉన్నచోట పదిహేను, ఇరవై నిమిషాలు తిరగనివ్వాలి. అది వాసన చూస్తూ తిరిగి, వీలైతే అక్కడే మూత్రం పోస్తుంది. తర్వాత లిఫ్ట్‌లో ఇంకెవరూ లేనప్పుడు పైకి. లిఫ్ట్ ఎక్కనని మొరాయిస్తే లాగకూడదు, మెట్ల మీదుగా దాని వేగంతో వెళ్లాలి. ఫ్లాట్ తలుపు మూసి గడియ పెట్టాకే తాళ్లు విప్పాలి. బాల్కనీ ఊచల మధ్య కుక్క తల పట్టేంత సందు ఉంటే ముందురోజే వల కట్టి ఉంచాలి.

దానికంటూ ఒక చోటు ముందే సిద్ధంగా ఉండాలి. మనుషులు అటూ ఇటూ తిరిగే దారి కాకుండా, గది మూల, వీపుకు రెండు వైపులా గోడ ఉండే చోటు. బల్ల మీద నుంచి పాత దుప్పటి వేలాడదీసి కింద పరుపు వేస్తే గుహలా ఉంటుంది, బెదురు కుక్కలకు అది బాగా నచ్చుతుంది. అక్కడి నుంచి నీళ్ల గిన్నె దాకా, తలుపు దాకా గోనెపట్టాలో పాత కార్పెట్ ముక్కలో పరిస్తే కాళ్లు జారవు. కుక్క కదలకుండా ఒక్కచోటే కూర్చుంటే దాన్ని మొండితనంగా తీసుకుంటారు గానీ, చాలాసార్లు అసలు కారణం టైల్స్ మీద గోళ్లు జారడమే.

మొదటి మూడు రోజులు

ఈ మూడు రోజుల్లో ఇంట్లోవాళ్లు చేయవలసిన పని చాలా తక్కువ, చేయకుండా ఉండవలసింది చాలా ఎక్కువ. చుట్టాలను పిలవకూడదు, ఫొటోల కోసం చుట్టూ చేరకూడదు, స్నానం చేయించకూడదు. ఒంటినిండా పిడుదులు ఉంటే తప్ప స్నానం రెండో వారానికి వాయిదా వేయొచ్చు. మూలన ఉన్న కుక్కను బయటికి లాగకూడదు. ఆ మూల నుంచి దాన్ని ఎవరూ కదపరని తెలియడమే ఈ రోజుల్లో అది నేర్చుకోవలసిన మొదటి విషయం.

దగ్గరవడానికి దారి తిండి, కాలం. మల్లికి ఏడెనిమిది అడుగుల దూరంలో, దానికి ఎదురుగా కాకుండా పక్కకు తిరిగి, నేల మీద కూర్చుని పేపరు చదువుకోవడమే మంచి పని. మధ్యమధ్యలో ఉడికించిన కోడిమాంసం ముక్క ఒకటి దానివైపు విసరాలి. అది వచ్చి తీసుకుంటే సంతోషం, తీసుకోకపోతే ముక్కను అక్కడే వదిలి లేచిపోవాలి. చేయి చాచి పిలవడం, కళ్లలోకి సూటిగా చూడటం, తల మీదుగా వంగి నిమరడం మనకు ప్రేమగా తోస్తాయి, కొత్త కుక్కకు బెదిరింపుగా తోస్తాయి. అది తనంతట వచ్చి వాసన చూశాక, మెడ పక్కనో ఛాతీ మీదో మూడు సెకన్లు నిమిరి చేయి తీసేయాలి. ఇంకా కావాలంటే ఒంటితో ఆనుకుంటుంది, చేతిని ముట్టెతో తడుతుంది. తల తిప్పుకున్నా, కదలకుండా నిలుచుండిపోయినా చాలు అని అర్థం. ఈ మూడు సెకన్ల పద్ధతి బాబుకు కూడా నేర్పాలి. ఇంటికొచ్చే పిల్లలందరికీ నేర్పాలి.

కుక్క భాష చాలావరకు చిన్న కదలికల్లో ఉంటుంది. ఎదురుగా తిండి లేకుండానే పెదవులు నాకుకోవడం, నిద్ర రాకుండానే ఆవలించడం, తల పక్కకు తిప్పుకుని కంటి చివర తెల్లగుడ్డు కనబడేలా ఓరగా చూడటం, తోక కడుపు కిందికి పోవడం, ఎండ లేకపోయినా రొప్పడం. ఇవన్నీ "నాకు ఇబ్బందిగా ఉంది" అనడమే. నార్వేకు చెందిన శిక్షకురాలు టురిడ్ రూగాస్ ఇలాంటి సంకేతాల గురించి రాసిన పుస్తకం తర్వాత శిక్షకులు వీటిని విరివిగా గమనించడం మొదలుపెట్టారు. అన్నిటికంటే ప్రమాదకరమైనది బిగుసుకుపోవడం. నిమురుతుండగా కుక్క ఒక్కసారి రాయిలా కదలకుండా అయిపోయి, ఊపిరి కూడా బిగబట్టినట్టు ఉంటే, దాన్ని ఒప్పుకోవడం అనుకోకూడదు. చేయి మెల్లగా తీసి పక్కకు జరగాలి.

తిండి విషయంలో ఇంట్లోవాళ్ల తొందర పొట్టకు చేటు తెస్తుంది. షెల్టర్‌లో తిన్నదే, అన్నంలో కోడిమాంసం కలిపి ఉడికించినదైతే అదే, మొదటి వారమంతా పెట్టాలి. తర్వాత ప్యాకెట్ తిండికి మార్చాలనుకుంటే పాతదాంట్లో పావు వంతు కొత్తది కలిపి రెండు మూడు రోజులు, సగం రెండు మూడు రోజులు, ముప్పావు రెండు రోజులు, అప్పుడు పూర్తిగా. అంటే వారం నుంచి పది రోజులు పడుతుంది. పాలు చాలా పెద్ద కుక్కలకు అరగవు, విరేచనాలు పట్టుకుంటాయి. ఉల్లి, వెల్లుల్లి కుక్క రక్తకణాలను దెబ్బతీస్తాయి కాబట్టి మిగిలిన కూరలు, పులుసులు కలిపి పెట్టే అలవాటు మానుకోవాలి. ద్రాక్ష, ఎండుద్రాక్ష, చాక్లెట్ అసలే వద్దు. ఉడికిన ఎముకలు చీలికలై పేగుల్లో గుచ్చుకుంటాయి.

మొదటి రోజు మల్లి ఏమీ తినకపోవచ్చు. గిన్నె పెట్టి గదిలోంచి వెళ్లిపోతే రాత్రి అందరూ పడుకున్నాక తింటుంది. అరగంట తర్వాత కూడా ముట్టకపోతే గిన్నె తీసేసి మళ్లీ పూటకు పెట్టాలి. నీళ్లు మాత్రం ఎప్పుడూ ఉండాలి. ఒక రోజంతా నీళ్లు ముట్టకపోయినా, రెండు రోజులు తిండి ముట్టకపోయినా, వాంతులో రక్త విరేచనాలో కనిపించినా దాన్ని బెదురు కింద కొట్టిపారేయకూడదు. డాక్టర్ దగ్గరికి తీసుకుపోవాలి.

రాత్రిళ్లు ఎవరో ఒకరు అదే గదిలో పడుకుంటే కుక్క త్వరగా కుదుటపడుతుంది. షెల్టర్‌లో ఇన్నాళ్లూ పక్కన ఇంకో కుక్క ఊపిరి వింటూ పడుకున్న జీవి అది. ఒక్కసారిగా మూసిన గదిలో ఒంటరిగా పడుకోబెడితే ఏడవడం సహజం.

మట్టికి అలవాటైన కాళ్లు

పెద్ద ఊరకుక్కకు శుభ్రత తెలియదనుకోవడం తప్పు. పడుకునే చోటికి దూరంగా, మట్టిలోనో గడ్డిలోనో మలమూత్రాలు విసర్జించడం దానికి ముందే అలవాటు. సమస్య ఏమిటంటే ఈ ఇంట్లో ఆ మట్టి ఎక్కడుందో, అక్కడికి వెళ్లాలంటే ఎవరిని అడగాలో తెలియదు. బెదిరిన కుక్క మనుషులు చూస్తుండగా మూత్రం పోయదు. గంటల తరబడి, ఒక్కోసారి దాదాపు రోజంతా బిగబట్టుకుంటుంది. కింద అరగంట తిప్పి, విసిగి, పైకి తీసుకొచ్చాక హాల్లో పోస్తుంది, ఎందుకంటే అక్కడ కాస్త ధైర్యంగా ఉంది.

దీనికి పరిష్కారం పట్టుదలగా ఒకే పద్ధతి పాటించడం. లేవగానే, తిన్న పావుగంటకు, పడుకునే ముందు, మధ్యలో మూడు నాలుగు గంటలకోసారి, ప్రతిసారీ కింద అదే మట్టిచోటికి తీసుకెళ్లాలి. మనం అటు తిరిగి నిలబడాలి. పని కాగానే, పైకి వచ్చాక కాకుండా అక్కడే, ఒక ముక్క తినిపించాలి. ఇంట్లో పోస్తుండగా చూస్తే మెల్లగా పిలిచి కిందికి తీసుకెళ్లాలి. పోసేశాక కోప్పడితే కుక్క నేర్చుకునేది ఒక్కటే, మనుషుల ఎదుట మూత్రం పోయకూడదని. ఆ పాఠంతో కింద కూడా పోయడం మానేస్తుంది, సోఫా వెనక పోయడం మొదలుపెడుతుంది. నేలను సబ్బునీళ్లతో కడిగి, కుక్కల మూత్రం వాసన పోగొట్టే ఎంజైమ్ ద్రావణంతో తుడవాలి. అమ్మోనియా ఉన్న ద్రావణాలు వాడితే ఆ ఘాటు మూత్రాన్నే తలపించి మళ్లీ అక్కడికే రప్పించవచ్చు. చాలా పెద్ద కుక్కలు రెండు మూడు వారాల్లో ఈ పద్ధతికి వస్తాయి. కుదిరిన కుక్క ఉన్నట్టుండి మళ్లీ ఇంట్లో పోయడం మొదలుపెడితే మూత్రనాళంలో ఇన్‌ఫెక్షన్ ఉందేమో చూపించాలి.

మన ఊళ్ల ఎండలో నడక వేళలు కూడా చూసుకోవాలి. చేతి వెనక భాగాన్ని రోడ్డు మీద ఐదు సెకన్లు ఆనించి ఉంచలేకపోతే కుక్క పాదాలు కూడా కాలతాయి. వేసవిలో పొద్దున ఏడు లోపు, పొద్దుగూకాక మాత్రమే నడక.

ఆస్పత్రికి వెళ్లేది ఎప్పుడు

జబ్బు లక్షణాలేవీ లేకపోతే మొదటి పరీక్షకు నాలుగో రోజు నుంచి ఏడో రోజు లోపు వెళ్లడం మంచిది. మొదటి రోజే తీసుకెళితే కొత్త మనుషులతో తొలి అనుభవం సూదిమందే అవుతుంది. డాక్టర్ టీకాల కార్డు చూసి యాంటీ రేబీస్ టీకా, మిగతా టీకాలు సరిచేస్తారు, నట్టల మందు ఇస్తారు, పాత గాయం నొప్పి పెడుతోందేమో చూస్తారు. మల్లి కాలి ఎముక అతికి ఏడాదయినా, ఆ వైపు ముట్టుకుంటే మూలిగితే, గుర్రుమనడానికి నొప్పే కారణం కావచ్చు. జీహెచ్‌ఎంసీ పరిధిలో పెంపుడు కుక్కకు లైసెన్సు తీసుకోవాలి, దానికి రేబీస్ టీకా ధ్రువపత్రం కావాలి.

తెలుగు నేలల్లో ఈ మూడు వారాల్లో ప్రత్యేకంగా గమనించవలసింది పిడుదుల జ్వరం. గోధుమరంగు పిడుదు కుట్టినప్పుడు ఎర్లికియా అనే సూక్ష్మజీవి రక్తంలో చేరుతుంది. కుట్టిన ఎనిమిది నుంచి ఇరవై రోజులకు జ్వరం బయటపడుతుంది. అంటే షెల్టర్‌లో చివరి వారంలో కుట్టిన పిడుదు ఫలితం కొత్త ఇంట్లో రెండో వారంలోనో మూడో వారంలోనో కనిపించవచ్చు. అప్పటికి మల్లి తోక ఊపడం, తలుపు దగ్గరికి ఎదురురావడం మొదలుపెట్టి ఉంటుంది. ఉన్నట్టుండి మళ్లీ మూలకు చేరి, తిండి సగంలో వదిలేసి, నీరసంగా పడుకుంటే "ఇంకా బెదురుగా ఉంది" అని సరిపెట్టుకోకూడదు. పై పెదవి ఎత్తి చూస్తే గులాబీ రంగులో ఉండవలసిన చిగుళ్లు పాలిపోయి ఉండవచ్చు, పొట్ట మీద చిన్న ఎర్రమచ్చలు, ముక్కు నుంచి రక్తం కూడా రావచ్చు. రక్తపరీక్షలో ప్లేట్‌లెట్లు తగ్గి ఉంటాయి. తొలిదశలో పట్టుకుంటే డాక్సీసైక్లిన్‌తో నయమవుతుంది, సాధారణంగా 28 రోజులు వాడమంటారు. రెండో రోజుకే హుషారు వచ్చిందని మధ్యలో ఆపేయకూడదు. రోజూ సాయంత్రం చెవుల లోపల, కాలివేళ్ల సందుల్లో, బెల్టు కింద పిడుదుల కోసం వెతకడం మంచిదే, కానీ కుక్క ఒప్పుకునేంత మేరకే.

కుక్క పన్ను దిగినా, గోరు గీరినా ఆ చోటును సబ్బుతో, ధారగా పడే నీళ్లతో పదిహేను నిమిషాలు కడిగి, అదే రోజు ఆస్పత్రికి వెళ్లి రేబీస్ టీకా గురించి అడగాలి. కుక్కకు టీకా వేయించామన్న ధైర్యంతో దీన్ని వదిలేయకూడదు.

రెండో వారం: నోరు విప్పిన కుక్క

ఇక అసలు పరీక్ష. ఎనిమిదో రోజో పదో రోజో మల్లి గిన్నెలో మూతి పెట్టి తింటుండగా బాబు పక్కనుంచి పరిగెత్తాడు. అది తినడం ఆపి, గిన్నె మీదికి తల వంచి, సన్నగా గుర్రుమంది. కేకలు వేసి గిన్నె లాక్కుని "ఎవరు యజమానో తెలియాలి" అనడం మనకు అలవాటైన స్పందన. దాంతో కుక్క భయం నిజమవుతుంది. మనిషి వస్తే తిండి పోతుందని అది అనుకుంది, అలాగే జరిగింది. గుర్రుమన్నందుకు దెబ్బలు తిన్న కుక్క కొన్నాళ్లకు గుర్రుమనడం మానేస్తుంది, భయం మాత్రం పోదు. అలాంటి కుక్కే ముందస్తు హెచ్చరిక లేకుండా కరుస్తుంది. గుర్రుమనడం మనకు అందుతున్న సమాచారం. దాన్ని చెరిపేయడం ఎవరికీ మేలు కాదు.

ఆ పూట చేయవలసింది బాబును మెల్లగా అవతలికి పిలవడం, అంతే. మరుసటి పూట నుంచి మల్లి తిండి తలుపు వేసిన గదిలోనో, మూలన అడ్డు పెట్టిన చోటో. పిల్లలు ఆ వైపు వెళ్లకూడదనేది ఇంటి నియమం అవుతుంది. ఆ తర్వాత పెద్దవాళ్లు ఒక్కరే ఒక చిన్న అభ్యాసం మొదలుపెట్టవచ్చు. మల్లి తింటుండగా ఎనిమిది అడుగుల దూరంలోంచి నడుచుకుంటూ వెళుతూ, ఆగకుండా, దాని గిన్నె దగ్గర పడేలా ఒక కోడిమాంసం ముక్క విసరాలి. గిన్నెలో ఉన్నదానికంటే ఆ ముక్క రుచిగా ఉండాలి. పూటకు మూడు నాలుగు సార్లు చాలు. మనిషి అడుగుల చప్పుడు వినగానే తల ఎత్తి, ఒళ్లు వదులుగా, తోక కదుపుతూ ముక్క కోసం చూడటం మొదలైతే దూరం ఒక అడుగు తగ్గించాలి. రెండు మూడు రోజులకు ఒక్కో అడుగు. ఈ దూరం దానికి కష్టంగా ఉందని ఎలా తెలుస్తుందంటే, గబగబా మింగడం మొదలుపెడుతుంది, ఒళ్లు బిగుస్తుంది, తల ఎత్తకుండా కళ్లు మాత్రం పక్కకు తిప్పి చూస్తుంది. అప్పుడు రెండడుగులు వెనక్కి జరగాలి. మూడో వారం ముగిసేసరికి నాలుగైదు అడుగుల దాకా వస్తే బాగా జరుగుతున్నట్టే. గిన్నె పక్కన చేయి పెట్టడం, గిన్నె తీసుకోవడం ఈ మూడు వారాల పని కాదు. నోట్లో చెప్పు పట్టుకుంటే కూడా లాక్కోకుండా కొన్ని ముక్కలు దూరంగా చల్లితే, చెప్పు వదిలి అటు వెళుతుంది.

రెండో వారంలోనే ఒంటరితనం సమస్య కూడా తల ఎత్తుతుంది. కుక్క వచ్చిందని భార్యాభర్తలిద్దరూ వారం సెలవు పెట్టి రోజంతా దాని పక్కనే ఉంటారు. ఎనిమిదో రోజు ఇద్దరూ ఆఫీసుకు, బాబు బడికి, నాయనమ్మ ఆ రోజే గుడికి. ఏడు రోజులు ఒక్క క్షణం కూడా ఒంటరిగా లేని కుక్కకు అది తట్టుకోలేని మార్పు. ఈ చిక్కు రాకుండా ఉండాలంటే నాలుగో రోజు నుంచే చిన్న చిన్న విరామాలు మొదలుపెట్టాలి. తాళంచెవులు తీసి, చెప్పులు వేసుకుని, మళ్లీ వచ్చి కూర్చోవాలి. తర్వాత తలుపు బయట ఐదు సెకన్లు, అరనిమిషం, రెండు నిమిషాలు. వెళ్లేటప్పుడు వీడ్కోలు, వచ్చేటప్పుడు హడావుడి వద్దు. ఇంట్లో ఒక ఫోన్ వీడియో తీస్తుండేలా పెట్టి వెళితే అసలు సంగతి తెలుస్తుంది. ఎక్కువ బెంగపడే కుక్కలు మొదటి అరగంటలోనే బయటపడతాయి. తలుపు గీరడం, చొంగ కార్చడం, ఆగకుండా ఊళపెట్టడం కనిపిస్తే ఆ విరామం దానికి ఎక్కువైందని అర్థం, సగానికి తగ్గించాలి. ఒకసారి లేచి చూసి, నిట్టూర్చి పడుకుంటే పెంచవచ్చు. మూడు వారాల్లో గంట, రెండు గంటలు నిమ్మళంగా ఉండగలిగితే మంచి పురోగతి. ఈ ఇంట్లో నాయనమ్మ ఉండటం పెద్ద వరం. మనిషి ఒక్కరున్నా చాలా కుక్కలు బెంగపడవు.

పేరు అలవాటు చేయడానికి కూడా ఇదే వారం అనువైనది. "మల్లీ" అని ఒక్కసారి పిలిచి, అటు చూడగానే ముక్క ఇవ్వాలి. తిట్టడానికి, మందు వేయడానికి ఆ పేరుతో పిలవకూడదు. పేరు వినగానే మంచి జరుగుతుందన్న నమ్మకమే తర్వాత ఎప్పుడైనా తాడు జారినప్పుడు దాన్ని వెనక్కి తెచ్చేది.

మూడో వారం

కుక్క కుదురుకుంటోందా లేదా అన్నది మొరగడం తగ్గడంతో తెలియదు. భయపడ్డాక ఎంతసేపటికి తేరుకుంటోంది అన్నదే నమ్మదగిన కొలత. మొదటి రోజు కుక్కర్ కూతకు మల్లి బల్ల కిందికి దూరి మధ్యాహ్నం దాకా రాలేదు. పదో రోజుకు కూత వినగానే లేచి వెళ్లి పావుగంటలో వచ్చింది. మూడో వారంలో చెవులు నిక్కించి, వంటింటి వైపు చూసి, మళ్లీ తల వాల్చింది. కూత అదే, తేరుకునే సమయం తగ్గింది. తిన్న తిండి, నిద్ర, ఈ తేరుకునే సమయం రోజూ ఒక కాగితం మీద రెండు ముక్కల్లో రాసుకుంటే, చెడ్డ రోజు వచ్చినప్పుడు మొత్తం దిశ ఎటుందో చూసుకోవచ్చు.

నిద్ర కూడా చాలా చెబుతుంది. బెదిరిన కుక్క కాళ్లు కింద మడిచి, తలుపు వైపు మొహం పెట్టి, క్షణంలో లేవడానికి సిద్ధంగా పడుకుంటుంది. నమ్మకం కుదిరాక ఒక పక్కకు ఒరిగి, కాళ్లు చాపి, చప్పుడు చేసినా లేవకుండా నిద్రపోతుంది. పెద్ద కుక్కలు రోజులో పన్నెండు నుంచి పద్నాలుగు గంటల దాకా పడుకుంటాయి, కాబట్టి పగలు నిద్రపోతోందని నడిపించడానికి లేపనవసరం లేదు.

ఈ వారంలో కొత్త మనుషులను ఒక్కొక్కరిగా పరిచయం చేయవచ్చు. వచ్చినవాళ్లు కుక్కను పట్టించుకోకుండా కూర్చుని, అది దగ్గరికి వస్తే ఒక ముక్క నేల మీద వేయాలి. లిఫ్ట్ దగ్గర మొరుగుతున్న మల్లికి, తలుపు నుంచి పది అడుగుల దూరంలో నిలబడి, తెరుచుకున్న ప్రతిసారీ ముక్క ఇస్తూ ఉంటే కొన్నాళ్లకు లిఫ్ట్ చప్పుడు వినగానే మన మొహం చూడటం మొదలుపెడుతుంది. పార్కులో ఇతర కుక్కలతో కలపడం, పండుగ సందడిలోకి తీసుకెళ్లడం ఇంకా తొందరే. దత్తత తేదీ దీపావళి దగ్గరలో పడితే, పండుగ వెళ్లాక తెచ్చుకోవడమే మంచిది.

ఇంట్లో చేసే ఏ ప్రయత్నానికీ లొంగని సంగతులు కొన్ని ఉంటాయి. మూడు వారాల తర్వాత కూడా మనిషి గదిలో ఉంటే తినకపోవడం, ఇరవై నాలుగు గంటల్లో చాలాసేపు మూలలోనే ఉండిపోవడం, చర్మం చీలేలా కరవడం, ఒంటరిగా వదిలితే గోళ్లు రక్తం కారేలా తలుపు గీరడం. వీటికి ముందు పశువైద్యుడు నొప్పి, థైరాయిడ్ వంటి కారణాలున్నాయేమో చూడాలి. కొన్ని కుక్కలకు కొంతకాలం బెంగ తగ్గించే మందులు అవసరమవుతాయి. ఆ మందులతో పాటు, కొట్టకుండా తిండితో నేర్పే శిక్షకుడి సాయం తీసుకోవాలి. "కుక్కను లొంగదీస్తాం" అని ముళ్ల బెల్టులు, కరెంటు బెల్టులు వాడేవాళ్ల దగ్గరికి బెదురు కుక్కను పంపితే మూడు వారాల్లో సంపాదించిన నమ్మకమంతా పోతుంది. ఏం చేసినా ఆ ఇంటికి కుదరదనిపిస్తే వీధిలో వదిలేయకుండా, కుక్కను ఇచ్చిన షెల్టర్‌కే చెప్పి, రాసుకున్న కాగితాలతో సహా అప్పగించాలి. ఆ వివరాలు తర్వాత దాన్ని తీసుకునే ఇంటికి పనికొస్తాయి.

అన్నీ సవ్యంగా సాగిన ఇంట్లో కూడా మూడో వారం చివర బయటి తలుపు దగ్గర జాగ్రత్త అలాగే ఉండాలి. రెండు తాళ్లలో ఒకటి తీసేయాలనిపించినా మూడు నెలలు అయ్యేదాకా హార్నెస్, బెల్టు రెండూ ఉంచడం మంచిది. ఖాళీ మైదానంలో తిరగనివ్వాలంటే తాడు విప్పకుండా, ముప్పై అడుగుల పొడవాటి తాడు కట్టి, ఆ కొస చేతిలో పట్టుకుని వదలవచ్చు.